ఇంటర్న్‌షిప్ అయ్యాక ఉద్యోగం ఇస్తారా మేడమ్?

నా మొహం ఫ్లెక్సీ ఎక్కిన రోజే మా ఊరివాళ్లు నాకు ఉద్యోగం ఇచ్చేశారు. కంపెనీ మాత్రం ఇంకా ఇవ్వలేదు.

అప్పుడు నేను ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. మా కాలేజీ పాల్వంచ దాటాక రోడ్డు పక్కనే ఉంటుంది. బస్సులో వెళ్లేవాళ్లకు గేటు, గేటు మీద ఫ్లెక్సీ, రెండూ కనపడి తీరతాయి. ప్రతి ఏడాది దసరా అయ్యాక ఆ ఫ్లెక్సీ మారుతుంది. "ఉద్యోగాలు సాధించిన మా విద్యార్థులకు హార్దిక శుభాకాంక్షలు" అని పైన పెద్ద అక్షరాలు, కింద మా మొహాలు. నా ఫొటో పరీక్ష ఫీజు కట్టినప్పుడు ఇచ్చింది. ఎవరితోనో పోట్లాడి వచ్చి నిలబడ్డట్టు ఉంటాను అందులో. నిజంగానే ఆ రోజు ఫొటో స్టూడియో అతనితో పోట్లాడాను, గడ్డం పైకెత్తమని పదిసార్లు చెబుతుంటే.

ములకలపల్లి వెళ్లే బస్సులో ఆ ఫ్లెక్సీ చూసిన మొదటి మనిషి మా ఊరు చేరేలోపే కబురు చేరిపోయింది. నేను ఇంటికి వెళ్లేసరికి వాకిట్లో నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. అమ్మ చాయ్ పోస్తోంది. "సాఫ్ట్‌వేర్ అయినవంట గద బిడ్డా, మా పిల్లగానికి గూడ ఏదన్న చూడు" అంది పక్కింటి పెద్దమ్మ. నేను పళ్లు బిగబట్టి నవ్వాను. ఏం చెప్పను? నా చేతిలో ఉన్నది ఉద్యోగం కాదని ఆ వాకిట్లో నాకొక్కదానికే తెలుసు.

జరిగింది ఇదీ. హైదరాబాద్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ మొదటిసారి మా కాలేజీకి వచ్చింది. గోదాముల్లో సరుకు ఎంత వచ్చింది, ఎంత పోయింది అని చూసే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తారు వాళ్లు. పరీక్ష పెట్టి, ఇంటర్వ్యూ చేసి, ఇద్దరు ఆడపిల్లలను తీసుకున్నారు. ఒకదాన్ని నేను. రెండోది పర్ణశాల నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న నా స్నేహితురాలు. వాళ్లమ్మానాన్నలు అక్కడ గుడికి వచ్చే భక్తులకు బొమ్మలు, గాజులు అమ్ముతారు. మా ఇద్దరికీ వచ్చిన మెయిల్‌లో ఉన్నది ఇంతే: చివరి సెమిస్టర్‌లో ఆరు నెలల ఇంటర్న్‌షిప్, నెలకు ఇంత స్టైపెండ్, పూర్తయ్యాక సర్టిఫికెట్. దాన్ని కింద నుంచి పైకి, పై నుంచి కిందికి చదివాను. ఉద్యోగం అన్న మాట ఎక్కడా లేదు.

పరీక్షకు ముందు మాట్లాడిన కంపెనీ మేడమ్ "బాగా చేసినవాళ్లకు అవకాశాలుంటాయి" అన్న మాట నిజం. హాల్లో కూర్చున్న వందమందీ ఆ మాటలో తమకు కావలసింది విన్నారు. మా ప్లేస్‌మెంట్ సార్ ఏకంగా ఫ్లెక్సీయే వేయించాడు.

ఫ్లెక్సీతో ఆగితే నేనూ నవ్వి ఊరుకునేదాన్ని. మా కాలేజీలో ఒక నియమం ఉంది. ఒక విద్యార్థికి ఒకటే ఉద్యోగం. ఒక చోట ఎంపికైనవాళ్లు తర్వాత వచ్చే కంపెనీల్లో కూర్చోకూడదు, మిగిలినవాళ్లకు అవకాశం రావాలి కదా. మంచి నియమమే, కాదనను. కానీ ఆ వారమే ఇంకో కంపెనీ వస్తున్నట్టు కాలేజీ గ్రూపులో మెసేజ్ పడింది. అది ఇంటర్న్‌షిప్ కాదు, నేరుగా ఉద్యోగం. శుక్రవారం సాయంత్రంలోగా పేర్లు ఇవ్వాలి. కింద ఇంకో వాక్యం: ఇప్పటికే ప్లేస్ అయినవారు దరఖాస్తు చేయనవసరం లేదు.

అంటే నాకు ఉద్యోగం లేదు, ఉద్యోగానికి పోటీ పడే హక్కూ లేదు. ఆరు నెలలు హైదరాబాద్‌లో పనిచేసి, సర్టిఫికెట్ పట్టుకుని జూన్‌లో ఇంటికొస్తే, అప్పటికి కాలేజీ అయిపోయి ఉంటుంది, కంపెనీలు వచ్చి పోయి ఉంటాయి. వాకిట్లో చాయ్ తాగిన ఆ నలుగురికే మళ్లీ చాయ్ పోసి సంగతి చెప్పుకోవాలి. నాకు కడుపు మండిపోయింది.

మొదట పద్ధతిగానే వెళ్లాను. ప్లేస్‌మెంట్ సార్ సత్తుపల్లి వైపు మనిషి. మాట మెత్తగా ఉంటుంది. కంపెనీలను మా కాలేజీకి రప్పించడానికి హైదరాబాద్‌లో ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులు అరగదీసుకున్నాడని అందరూ అంటారు, అది నిజమే.

"సార్, మాది ఇంటర్న్‌షిప్పే కదా. ఉద్యోగం అని రాయలేదు" అన్నాను.

"అదే ఉద్యోగమమ్మా. ఆరు నెలలయ్యాక వాళ్లే తీసుకుంటారు. ఎక్కడైనా జరిగేది అదే."

"అట్లని రాసిచ్చిండ్రా సార్?"

"నువ్వు మరీనూ! అన్నీ రాసిస్తారా?"

"పోనీ ఒక్కసారి వాళ్లను అడగండి సార్."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "చూడమ్మా, ఈ కంపెనీ మొదటిసారి మన దగ్గరికొచ్చింది. ఎంపికైన మర్నాడే, ఉద్యోగం ఇస్తారా ఇవ్వరా అని నిలదీస్తే ఏమనుకుంటారు? వచ్చే ఏడాది మన గేటు తొక్కుతారా? నువ్వేం రాయకు వాళ్లకి. సరేనా?"

నేను సరే అనలేదు. ఆయన నేను సరే అన్నాననుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ల్యాబ్‌లో మెయిల్ రాయడానికి కూర్చున్నాను. కంపెనీ మేడమ్ ఆ రోజు హాల్లో చివర చూపించిన తెర మీద ఆమె మెయిల్ ఐడీ ఉంది. ఏవైనా సందేహాలుంటే రాయమని కూడా అంది. నేను దాన్ని ఫొటో తీసి పెట్టుకున్నాను. నాకు సందేహం ఉంది. ఇంక ఎవరి అనుమతి కావాలి?

స్నేహితురాలు పక్కన కూర్చుని గోళ్లు కొరుకుతోంది. "ఏందే గిది, సార్ వద్దన్నడు గద. ఉన్నది గూడ పోతది" అంది.

"ఏమున్నది పోవడానికి? సర్టిఫికెట్టా?"

"నాది గూడ పోతది. ఇద్దరం ఒకటే కాలేజీ గద."

తన భయం తప్పు కాదు. అందుకే తన పేరు ఎక్కడా రాయనని మాట ఇచ్చాను.

మొదటి ముసాయిదా మాకు చిన్నప్పటి నుంచి నేర్పిన పద్ధతిలోనే వచ్చింది. గౌరవనీయులైన మేడమ్ గారికి తమ విధేయురాలు వినయపూర్వకంగా విన్నవించుకునేది ఏమనగా, అని ఇంగ్లీషులో. చదువుకుంటే జ్వరం వచ్చింది, రెండు రోజులు సెలవు ఇప్పించండి అన్నట్టుంది. మొత్తం చెరిపేశాను. రెండోసారి కోపంతో రాశాను. అది ఇంకా ఘోరం, స్టూడియో అతనితో పోట్లాడినట్టుంది. మూడోసారి, ఎదురుగా ఆ మేడమే కూర్చుందనుకుని, ఆమెను నేను ఏం అడుగుతానో అదే రాశాను. ఇంగ్లీషులో రాసినదాని సారం ఇది:

"మేడమ్, మీరు మా కాలేజీ నుంచి ఇంటర్న్‌షిప్‌కు ఎంపిక చేసిన ఇద్దరిలో నేను ఒకదాన్ని. ఈ అవకాశం ఇచ్చినందుకు సంతోషం. చేరే ముందు మూడు సంగతులు తెలుసుకోవాలనుకుంటున్నాను. ఈ ఇంటర్న్‌షిప్ పూర్తి ఉద్యోగానికి దారితీసే వీలుందా? ఉంటే, అది దేని మీద ఆధారపడుతుంది, ఎప్పుడు చెబుతారు? అప్పటివరకు నేను వేరే కంపెనీల ఇంటర్వ్యూలకు వెళితే మీకు అభ్యంతరమా? హామీ ఇమ్మని అడగడం లేదు. ఉన్నది ఉన్నట్టు తెలిస్తే నేను నిర్ణయం తీసుకోగలను. మా కాలేజీలో శుక్రవారంలోగా పేర్లు ఇవ్వాలి, వీలైతే అప్పటికి చెప్పగలరా?"

పంపాను. నిమిషం తిరగకముందే జవాబు వచ్చి పడింది. స్నేహితురాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తెరిచాం. "మీ మెయిల్‌కు ధన్యవాదాలు. నేను ప్రస్తుతం కార్యాలయంలో లేను. తిరిగి వచ్చాక స్పందిస్తాను." అంతే. పేరు కూడా పెట్టి పిలవలేదు.

"చూసినవా, కోపమొచ్చింది ఆమెకు" అంది స్నేహితురాలు. నాకూ అట్లాగే అనిపించింది. ఇంత జల్దీ ఇంత పొడిగా రాసిందంటే, పొమ్మన్నట్టే కదా! ఇద్దరం అరగంట సేపు ఆ రెండు మూడు వాక్యాలను పట్టుకుని ఒక్కో మాటకు అర్థాలు తీశాం. చివరికి ల్యాబ్ చూసుకునే అక్క వచ్చి చూసి పకపకా నవ్వింది. "అది ఆమె రాసింది గాదే. ఊరికి పోయేటప్పుడు పెట్టి పోతరు, ఎవరు రాసినా అదే పోతది." కంప్యూటర్ సైన్స్ ఆఖరి సంవత్సరం మేము! సిగ్గుతో చచ్చిపోయాం.

సాయంత్రం ఇంటికి వెళ్లాక నాన్నకు చెప్పాను. నాన్న పాల్వంచ థర్మల్ కేంద్రంలో కాంట్రాక్టు కార్మికుడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ కాంట్రాక్టు కార్మికుడే. కాంట్రాక్టర్లు మారారు, పని మారలేదు. పర్మనెంట్ చేస్తారట అన్న మాట మా ఇంట్లో వానాకాలం వచ్చినట్టు వచ్చి పోతూ ఉండేది. నాన్న షిఫ్ట్ దిగి వచ్చి అన్నం తింటున్నాడు. నేను మెయిల్ సంగతి చెప్పగానే చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఏమని రాసినవ్?"

"ఇంటర్న్‌షిప్ అయినంక ఉద్యోగమిస్తరా అని అడిగిన."

"గట్ల అడుగుతరా బిడ్డా? అడిగినోన్నే ముందు పీకేస్తరు. మా దగ్గర చూడలేదా? నోరు మూసుకుని పని చేసుకుంటే వాళ్లే చూస్తరు."

నా నోరు ఎప్పుడూ నా కంటే ముందుంటుంది. "నువ్వు నోరు మూసుకునే ఉన్నవ్ గద నాయినా. ఏం చూసిండ్రు?" అన్నాను.

అమ్మ నన్ను కోపంగా చూసింది. నాన్న అన్నం కలుపుకుని తిని, చెయ్యి కడుక్కుని వెళ్లి మంచం మీద కూర్చున్నాడు. నాకు చాలా బాధేసింది. కానీ మాట వెనక్కి తీసుకోలేదు, ఎందుకంటే అది నిజం. ఆయన భయపడుతున్నది నాకోసమేనని తెలుసు. ఆ భయం నాకు వారసత్వంగా రాకూడదని కూడా ఆ రోజే గట్టిగా అనిపించింది.

బుధవారం జవాబు లేదు. గురువారం లేదు. స్నేహితురాలు రోజుకు పదిసార్లు "వచ్చిందా?" అని అడిగేది, వద్దన్న మనిషే. శుక్రవారం పొద్దున్న మొదటి పీరియడ్‌లో ఉండగా అటెండర్ వచ్చి, ప్లేస్‌మెంట్ సార్ పిలుస్తున్నాడని చెప్పాడు. మెట్లు దిగి వెళ్లాను.

సార్ కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. కూర్చోమనలేదు.

"వద్దని చెప్పాను కదమ్మా. ఎందుకు రాశావ్?"

ఆయనకు ఎట్లా తెలిసిందో అర్థం కాలేదు. తెర నా వైపు తిప్పాడు. మేడమ్ నాకు జవాబు రాసి, కాలేజీకి కూడా ఒక నకలు పంపింది. పొద్దున్నే వచ్చింది, నేను ఫోన్ బ్యాగులో పెట్టి క్లాసులో కూర్చున్నాను. అక్కడే నిలబడి చదివాను.

"మీరు అడిగింది సరైన ప్రశ్న. ఈ ఇంటర్న్‌షిప్ ఉద్యోగ హామీ కాదు. కానీ ఉద్యోగానికి దారి ఉంది. సగం కాలం గడిచాక ఒకసారి, చివర ఒకసారి మీ పనిని సమీక్షిస్తాం. మీ టీమ్ లీడ్ సిఫారసు చేయాలి, అప్పటికి ఆ టీమ్‌లో ఖాళీ ఉండాలి, మీ డిగ్రీ బ్యాక్‌లాగులు లేకుండా పూర్తవాలి. పోయిన బ్యాచ్‌లో కొందరిని తీసుకున్నాం, అందరినీ తీసుకోలేదు. ఆఫర్ లెటర్ చేతికొచ్చే వరకు, మా వాళ్లు ఎవరేం చెప్పినా, దాన్ని ఉద్యోగంగా లెక్కపెట్టుకోకండి. అప్పటివరకు వేరే ఇంటర్వ్యూలకు వెళ్లడానికి మాకు అభ్యంతరం లేదు. వేరే ఆఫర్ ఒప్పుకుంటే మాత్రం వెంటనే మాకు చెప్పండి."

చదువుతుంటే నాలో ఏదో లేచి నిలబడింది. ఎవరో పెద్దమనిషి నన్ను మనిషిగా లెక్కపెట్టి, ఉన్నది ఉన్నట్టు మాట్లాడారు. అవునని చెప్పలేదు, కాదని చెప్పలేదు. అయినా అంతకంటే మంచి జవాబు నాకు అంతవరకు ఎవరూ ఇవ్వలేదు.

"సార్, ఇది ఉద్యోగం కాదని మేడమే చెప్తున్నది. మరి నేను ప్లేస్ అయినట్టు ఎట్లా అయితది? ఇయ్యాల సాయంత్రం లోపల నా పేరు తీసుకోండి సార్."

"అదంత తేలికా? ప్రిన్సిపాల్ గారికి చెప్పాలి. ఫ్లెక్సీ కట్టేశాం. ముందు ఆ కంపెనీ మేడమ్‌కి ఫోన్ చేసి సర్ది చెప్పుకోవాలి నేను." నిజంగానే ఫోన్ తీసి కలిపాడు. నేను వెళ్లిపోతానేమో అనుకున్నాడు. నేను కదల్లేదు. ఆయనా పొమ్మనలేదు, ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్ల మీద పెట్టాడు. నా ముందే క్షమాపణ చెబితే నాకు బుద్ధొస్తుందనుకున్నాడో ఏమో.

"మేడమ్, మా స్టూడెంట్ తొందరపడి రాసింది. చిన్నపిల్ల. మీరేం అనుకోవద్దు" అన్నాడు.

"సారీ ఎందుకండీ?" అంది అవతలి గొంతు. "ఆ అమ్మాయి చాలా స్పష్టంగా అడిగింది. ఎవరూ అడగరండి. అందరూ ఉద్యోగం అనుకుని వచ్చేస్తారు. జూన్‌లో కొందరికి ఆఫర్ ఇవ్వలేం. అప్పుడు తల్లిదండ్రులు ఫోన్ చేసి, మోసం చేశారు అని నన్ను తిడతారు. నేను రాసింది మీ పిల్లలందరికీ చూపించండి. ఇంకో మాట, ఇంటర్న్‌లను మీరు ప్లేస్ అయినవాళ్లలో కలపకండి. రేపు మేం తీసుకోలేకపోతే వాళ్లకు నష్టం."

"వచ్చే ఏడాది మళ్లీ వస్తారు కదా మేడమ్?" అన్నాడు సార్. ఆయన అసలు భయం బయటికొచ్చింది.

"ఇట్లాంటి పిల్లలుంటే తప్పకుండా వస్తాం."

సార్ ఫోన్ పెట్టేసి నా వైపు చూశాడు. నేను నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాను. ఆయనే ముందు నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఆయన మీద ఉన్న కోపమంతా పోయింది. తనే లేచి ప్రిన్సిపాల్ గదికి వెళ్లాడు. మధ్యాహ్నం గ్రూపులో మెసేజ్ వచ్చింది: కేవలం ఇంటర్న్‌షిప్‌కు ఎంపికైనవారు, ఉద్యోగ ఆఫర్ లెటర్ అందే వరకు ఇతర కంపెనీలకు దరఖాస్తు చేసుకోవచ్చు. మా ఇద్దరికే కాదు, వేరే బ్రాంచీల్లో ఇంటర్న్‌షిప్‌లు పట్టుకుని బిక్కమొహాలేసుకుని తిరుగుతున్న వాళ్లందరికీ తలుపు తెరుచుకుంది. కారిడార్‌లో నాకు తెలియని పిల్లలు కూడా వచ్చి చెయ్యి కలిపారు. ఆ రోజు నేను నడవలేదు, ఊరేగాను.

ఫ్లెక్సీ దించలేదు. డబ్బులు పెట్టి వేయించింది ఎట్లా దించుతారు? మా ఫొటోల కింద "ఇంటర్న్‌షిప్" అని ఒక స్టిక్కర్ అంటించారు. అంటించినవాడు తొందరలో నా స్నేహితురాలి గడ్డం మీదుగా అంటించాడు. ఏడాదంతా అది గడ్డం లేకుండానే గేటు మీద ఉంది.

ఆ గడ్డం లేని పిల్లకే ఆ రెండో కంపెనీలో ఉద్యోగం వచ్చింది! నాకు రాలేదు. ఆఖరి రౌండ్ దాకా వెళ్లి, ఇంటర్వ్యూ చేసినాయనతో ఒక జవాబు విషయంలో వాదన పెట్టుకున్నాను. నేనే కరెక్టు, ఇప్పటికీ అదే అంటాను, కానీ ఆయన వినలేదు. స్నేహితురాలు ఆఫర్ లెటర్ వచ్చిన రోజు నన్ను కరుచుకుని ఏడ్చింది. "నువ్వు ఆ మెయిల్ రాయకపోతే నాకు ఇది వచ్చేది గాదు" అంది. వెంటనే మేడమ్‌కు మెయిల్ పెట్టి, ఇంటర్న్‌షిప్‌కు రాలేనని చెప్పుకుంది. మేడమ్ శుభాకాంక్షలు చెప్పింది. నేను ఒంటరిగా హైదరాబాద్ బస్సెక్కాను.

నాకు టెస్టింగ్ పని ఇచ్చారు. అంటే, డెవలపర్లు తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌ను వాడి చూసి, ఎక్కడ తప్పు పోతోందో పట్టుకోవాలి. తప్పులు పట్టడానికి జీతం ఇస్తారని ముందే తెలిస్తే చిన్నప్పుడే చేరిపోయేదాన్ని. అయితే, మిగతా ఇంటర్న్‌లకు లేనిది నాకు ఒకటి ఉంది. దేన్ని బట్టి ఉద్యోగం ఇస్తారో నాకు మొదటి రోజు నుంచే తెలుసు. సగం గడిచాక సమీక్ష ఉంటుందని తెలుసు. అందుకే ఆ రోజు టీమ్ లీడ్ ఎదురుగా కూర్చున్నప్పుడు, ఆయన అడగాల్సినవన్నీ అడిగాక నేనూ అడిగాను.

"సార్, ఈ రోజు నిర్ణయం తీసుకోవాల్సి వస్తే, నన్ను సిఫారసు చేస్తారా? చేయకపోతే ఏం తక్కువైంది?"

"ఈ రోజైతే చేయను" అన్నాడు. "తప్పులు బాగా పడతావు. కానీ రిపోర్టు తిట్టినట్టు రాస్తావు. 'సేవ్ బటన్ అస్సలు పనిచేయడం లేదు' అని రాస్తే డెవలపర్ ఏం చేసుకోవాలి? నువ్వు ఏం నొక్కావు, తర్వాత ఏం నొక్కావు, ఏం రావాలి, ఏం వచ్చింది, అది రాయి. అతను తన దగ్గర మళ్లీ అదే తప్పు తెప్పించుకోగలగాలి. అది నేర్చుకో."

హాస్టల్‌కు వెళ్లి మంచం మీద బోర్లా పడుకుని ఏడ్చాను. మర్నాడు ఆఫీసుకు వెళ్లి నా పాత రిపోర్టులన్నీ తెరిచి చదివాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ప్రతిదీ ఎవరితోనో పోట్లాటలాగే ఉంది. ఒక్కోటి తిరగరాశాను. కోపం లేకుండా, ముందు ఇది నొక్కాను, తర్వాత ఇది జరిగింది అని. నెల తిరిగేసరికి డెవలపర్లు నా దగ్గరికొచ్చి ప్రశ్నలు అడగడం మానేశారు. నా రిపోర్టు చదివి నేరుగా సరిచేసుకుంటున్నారు. ఒకాయన "నీ రిపోర్టు వస్తే హాయిగా ఉంటుందమ్మా" అన్నాడు. నన్ను చూస్తే హాయిగా ఉందని అన్న మొదటి మనిషి ఆయనే అనుకుంటా.

చివరి సమీక్షలో లీడ్ ఎక్కువ మాట్లాడలేదు. "సిఫారసు చేశాను. ఖాళీకి అనుమతి రావాలి, అది నా చేతిలో లేదు" అన్నాడు. ఆ ఎదురుచూపు చెప్పడానికి లేదు. కానీ ఒకటి, నాకు భయం వేసింది గాని అయోమయం లేదు. ఏం రావాలో, ఎక్కడి నుంచి రావాలో తెలుసు. నా వంతు నేను చేశానని కూడా తెలుసు. పరీక్షల ఫలితాలు వచ్చాయి, ఒక్క సబ్జెక్టూ మిగల్లేదు. ఆ తర్వాత మేడమ్ పిలిచింది. ఎదురుగా కూర్చోబెట్టి, "అడిగావుగా, ఇదిగో జవాబు" అని కంప్యూటర్ తెర చూపించింది. ఆఫర్ లెటర్. ఆమె మెయిల్ పంపించే మీట నొక్కింది, నా ఫోన్ నా చేతిలోనే మోగింది. గెలిచాను అని పైకే అన్నాను. ఆమెకు వినపడే ఉంటుంది. వినపడనీ.

ప్రింట్ తీయించుకుని ఊరికి వెళ్లాను. వానలు పడుతున్నాయి. అమ్మ పత్తిలో కలుపు తీసి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. నాన్న షిఫ్ట్ నుంచి అప్పుడే వచ్చాడు. కాగితాలు చేతికిచ్చాను. నాన్న ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాడు. లోపలి వెలుతురు చాలక గడప మీద కూర్చున్నాడు. నేను పక్కనే కూర్చున్నాను.

"పీఎఫ్ కోస్తరా?" అన్నాడు.

"కోస్తరు. వాళ్ల వాటా గూడ కలుపుతరు."

"సెలవు పెడితే జీతం పోతదా?"

"పోదు నాయినా. ఏడాదికి ఇన్ని అని ఇస్తరు."

ఇంకో పేజీ తిప్పాడు. మళ్లీ వెనక్కి తిప్పాడు. చేరే తేదీ దగ్గర వేలు పెట్టి, అక్కడి నుంచి కిందికి జరుపుకుంటూ పోయాడు. ఏదో వెతుకుతున్నాడు. దొరకడం లేదు.

"ఏంది నాయినా, ఏం చూస్తున్నవ్?"

"చేరే తారీఖు ఉన్నది. మరి ఎప్పటిదాక? ఆ తారీఖు రాయలేదు. వాళ్లను అడుగకపోయినవా?" అన్నాడు.

ప్లాంటులోకి వెళ్లడానికి కాంట్రాక్టర్ ఇచ్చే ఆయన గేటు పాసు మీద ఎప్పుడూ రెండు తేదీలు ఉంటాయి, ఎప్పటి నుంచి, ఎప్పటిదాకా అని. రెండో తేదీ దగ్గరపడినప్పుడల్లా ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడుకునేవాళ్లం కాదు.

"మొదట ఆరు నెలలు పని చూస్తరు. మంచిగుంటే ఖాయమని ఇంకో కాగితం ఇస్తరు. దాని తర్వాత ఎప్పటిదాక అనేది ఉండదు నాయినా. నేను మానేస్తనంటే ముందుగాల చెప్పాలె, వాళ్లు వద్దన్నా నాకు ముందుగాల చెప్పాలె. అంతే."

"దాక లేదా?"

"లేదు."

నాన్న కాగితాలు మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు. కళ్లు తుడుచుకున్నాడు, దాచుకోలేదు. తర్వాత లేచి నిలబడి, రెండడుగుల దూరంలో ఉన్న అమ్మకు, వీధి చివర దాకా వినపడేంత గట్టిగా చెప్పాడు.

"విన్నవా? మన బిడ్డకు దాక లేదంటనే!"